ఫోటోలోని చిన్న పట్టిక నుంచి చేతి లెక్కతో సహసంబంధ గుణకం

జంటలుగా ఉన్న రెండు రాశుల్లో ఒకటి పెరిగినప్పుడు రెండోది కూడా పెరుగుతోందా, తగ్గుతోందా, ఆ పోకడ సరళరేఖకు ఎంత దగ్గరగా ఉంది అన్న సంగతిని ఒక్క సంఖ్యలో చెప్పేది సహసంబంధ గుణకం. దీన్ని r అని రాస్తారు. విలువ −1కీ +1కీ మధ్య ఉంటుంది. రెండూ కలిసి పెరుగుతుంటే ధనాత్మకం, ఒకటి పెరిగేకొద్దీ రెండోది తగ్గుతుంటే రుణాత్మకం, ఏ పోకడా లేకపోతే సున్నాకు దగ్గర. పది వరుసల లోపు పట్టికైతే కాగితం, పెన్సిలు చాలు. పావుగంట పని.

ఈ రోజుల్లో ఆ పట్టిక చాలాసార్లు ఫోటోగానే చేతికొస్తుంది. తరగతిలో నల్లబల్ల మీది లెక్క కావచ్చు, మార్కెట్ యార్డులో రాసిచ్చిన చీటీ కావచ్చు, ఎవరో ఫోన్‌లో తీసి పంపినది కావచ్చు. సూత్రం గురించి పాఠ్యపుస్తకాలు చాలా చెబుతాయి. ఫోటోలోంచి అంకెలను కాగితం మీదికి దించడం గురించి ఒక్క ముక్క చెప్పవు. పొరపాట్లలో ఎక్కువ భాగం పుట్టేది అక్కడే. అందుకే ఈ వ్యాసం సూత్రానికి ఇచ్చినంత చోటు చూపుకూ ఇస్తుంది. ఉదాహరణ జనగామ ప్రాంతపు పత్తి నుంచి తీసుకున్నది.

చరిత్ర

ఫ్రాన్సిస్ గాల్టన్ 1888లో మనుషుల ఎత్తుకూ ముంజేతి పొడవుకూ ఉన్న సంబంధాన్ని కొలుస్తూ ఈ ఆలోచనకు రూపమిచ్చాడు. ఇప్పుడు అందరూ వాడే సూత్రాన్ని కార్ల్ పియర్సన్ 1896లో స్థిరపరిచాడు. అందుకే పుస్తకాల్లో దీన్ని పియర్సన్ గుణకం అనే పిలుస్తారు. జంటలు కొద్దిగానే ఉన్నప్పుడు r ఎంతవరకు ఊగిసలాడుతుందో 1915లో రొనాల్డ్ ఫిషర్ లెక్కగట్టి చూపాడు. చిన్న పట్టికలతో పని చేసేవారికి పియర్సన్ కన్నా ఫిషర్ చేసిన మేలే ఎక్కువనిపిస్తుంది.

మన దేశంలో ఈ విద్యకు పునాది 1931లో ప్రశాంతచంద్ర మహలనోబిస్ కలకత్తాలో నెలకొల్పిన భారత గణాంక సంస్థ. హడగలిలో ఒక తెలుగు కుటుంబంలో 1920లో పుట్టి, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1941లో అక్కడ చేరారు. 1946లో ఆయన కేంబ్రిడ్జి వెళ్లింది ఆఫ్రికాలోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన ఎముకల కొలతలను విశ్లేషించడానికి. కంప్యూటర్లు లేని కాలం. ఒక్కో కొలతకూ మిగతా కొలతలతో ఉన్న సహసంబంధాలను చేతి యంత్రాల మీద తీయాల్సి వచ్చేది. ఆ తరం వారు పట్టికను ఒకరు చదువుతుంటే ఇంకొకరు రాసుకుని, మళ్లీ అటునుంచి ఇటు చదివి సరిచూసుకునేవారు. ఫోటోల కాలానికి కూడా ఇంతకన్నా మంచి పద్ధతి రాలేదు.

పత్తి, తేమ, ధర

పాత వరంగల్ జిల్లా విడిపోయి 2016 అక్టోబరు 11న ఏర్పడిన జిల్లాల్లో జనగామ ఒకటి. ఇక్కడ వరితో పాటు పత్తి ప్రధాన పంట. ఏరిన పత్తి యార్డుకో జిన్నింగు మిల్లుకో చేరాక మొదటి ప్రశ్న తేమ ఎంత అన్నదే. బస్తాలోకి, బండిలోని కుప్పలోకి మాయిశ్చర్ మీటరు గుచ్చి శాతం చెబుతారు. భారత పత్తి సంస్థ, అంటే అందరూ సీసీఐ అనేది, 8 శాతం తేమ దాకా పూర్తి మద్దతు ధర ఇస్తుంది. ఆపైన పెరిగే ప్రతి ఒక్క శాతానికి ధరలో ఒక శాతం కోస్తుంది. 12 శాతం దాటితే కొనదు. ప్రైవేటు ఖరీదుదారుకు ఈ లెక్క కట్టుబాటు కాదు. పత్తిని చూసి, పింజను లాగి చూసి తన ధర తాను చెబుతాడు.

అలాంటప్పుడు ప్రైవేటు ధర తేమను ఎంత నమ్మకంగా అనుసరిస్తోంది అన్న ప్రశ్న సహజంగా పుడుతుంది. ఒకే రోజు, ఒకే యార్డులో ఎనిమిది బండ్లకు తేమ, ధర రాసుకున్న కాగితాన్ని ఎవరో ఫోటో తీశారనుకుందాం. కింది అంకెలు లెక్క చూపడానికి కూర్చినవే, ఏ మార్కెట్‌లోనూ నమోదైనవి కావు.

| వరుస | తేమ (శాతం) | ధర (క్వింటాకు రూ.) |
|---|---|---|
| 1 | 10 | 7000 |
| 2 | 8 | 7300 |
| 3 | 12 | 6600 |
| 4 | 9 | 7200 |
| 5 | 12 | 6700 |
| 6 | 10 | 7100 |
| 7 | 8 | 7200 |
| 8 | 11 | 6900 |

ఫోటోను చదవడం

ఫోటో తీసే అవకాశం మన చేతిలోనే ఉంటే సగం తిప్పలు తప్పుతాయి. కాగితాన్ని చదునుగా పరిచి, ఫోన్‌ను సరిగ్గా దాని పైన పట్టి, నాలుగు అంచులూ పడేలా తీయాలి. పక్కనుంచి వాలుగా తీస్తే అడ్డవరుసలు ఏటవాలుగా పడి, ఎడమవైపు మూడో గడికి ఎదురుగా కుడివైపు నాలుగో గడి ఉన్నట్టు కంటికి కనిపిస్తుంది. ఫ్లాష్ వేస్తే మెరుపు పడిన చోట అంకె మాయమవుతుంది. కాబట్టి పక్కనుంచి పడే పగటి వెలుతురే మేలు. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అది కుదించుకుపోయి సన్నని గీతలు చెదిరిపోతాయి. డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

ఇక చదవడం. చేతిరాతలో ఒకటీ ఏడూ, మూడూ ఎనిమిదీ, ఆరూ సున్నా, ఆరూ ఎనిమిదీ ఒకదానికొకటి పోలికగా ఉంటాయి. కాగితం మడతలో పడ్డ దశాంశ బిందువు ఉందో లేదో తెలియదు. పైవరుసలో ఉన్న విలువే మళ్లీ వస్తే చాలామంది రెండు చిన్న గీతలు గీసి ఊరుకుంటారు. వాటిని పదకొండు అని చదివినవాళ్లూ ఉన్నారు. అనుమానం వచ్చిన అంకెను అదే చేతిరాతలో వేరే చోట ఖాయంగా తెలిసిన అంకెతో పోల్చి తేల్చుకోవాలి. ఈ మనిషి ఎనిమిది పైసున్నాను మూసి రాస్తాడా, తెరిచి వదిలేస్తాడా అన్నది పట్టికలోనే ఎక్కడో తెలుస్తుంది.

దించుకునేటప్పుడు నిలువుగా కాక అడ్డంగా రాసుకోవాలి. అంటే తేమ గడులన్నీ ఒకేసారి రాసి, తరువాత ధరలన్నీ రాయడం కాదు. ఒక్కో జంటనూ పూర్తిగా రాసి తరువాతి జంటకు వెళ్లాలి. స్క్రీన్ మీద ఒక కాగితపు అంచును వరుస కింద ఆనించి దించుకుంటే చూపు జారదు. ఈ జాగ్రత్త ఎందుకు తప్పనిసరో లెక్క అయ్యాక తెలుస్తుంది.

లెక్క

ముందుగా రెండు రాశుల అంకమధ్యమాలు కావాలి. తేమలన్నీ కూడితే 80, ఎనిమిదితో భాగిస్తే 10. ధరలన్నీ కూడితే 56,000, భాగిస్తే 7,000. ఇక ప్రతి విలువలోంచీ దాని అంకమధ్యమాన్ని తీసేస్తే విచలనాలు వస్తాయి. తేమ విచలనాన్ని dx అందాం, ధర విచలనాన్ని dy అందాం. ధరలన్నీ వందల్లోనే ఉన్నాయి కాబట్టి dyని వందల్లో రాసుకోవచ్చు. ఒక రాశినంతా ఒకే ధన సంఖ్యతో భాగించినా, అన్నింటికీ ఒకే సంఖ్య కలిపినా r మారదు. చేతి లెక్కలో ఈ వెసులుబాటును వాడుకోకపోతే అనవసరంగా పెద్ద గుణకారాలు మోయాల్సి వస్తుంది.

| వరుస | dx | dy | dx² | dy² | dx·dy |
|---|---|---|---|---|---|
| 1 | 0 | 0 | 0 | 0 | 0 |
| 2 | −2 | 3 | 4 | 9 | −6 |
| 3 | 2 | −4 | 4 | 16 | −8 |
| 4 | −1 | 2 | 1 | 4 | −2 |
| 5 | 2 | −3 | 4 | 9 | −6 |
| 6 | 0 | 1 | 0 | 1 | 0 |
| 7 | −2 | 2 | 4 | 4 | −4 |
| 8 | 1 | −1 | 1 | 1 | −1 |
| మొత్తం | 0 | 0 | 18 | 44 | −27 |

విచలనాల మొత్తం రెండు వైపులా సున్నా రావాలి. రాకపోతే అంకమధ్యమమో తీసివేతో తప్పింది, ముందుకు వెళ్లకూడదు. వచ్చింది కాబట్టి సూత్రంలో పెడదాం.

```
r = Σdx·dy / √(Σdx² × Σdy²)
  = −27 / √(18 × 44)
  = −27 / √792
```

792కు వర్గమూలం చేత్తో తీయడం కష్టం కాదు. 28 వర్గం 784. మిగిలిన 8ని 28కి రెట్టింపైన 56తో భాగిస్తే 0.14. కాబట్టి మూలం దాదాపు 28.14. −27ను దానితో భాగిస్తే −0.96. తేమ పెరిగేకొద్దీ ధర తగ్గుతోంది, అదీ దాదాపు సరళరేఖలో.

ఈ సంఖ్య ఎలా వచ్చిందో చివరి నిలువు వరుసలోనే కనిపిస్తుంది. తేమ సగటుకన్నా తక్కువున్న బండికి ధర సగటుకన్నా ఎక్కువ, తేమ ఎక్కువున్న బండికి ధర తక్కువ. అందుకే గుణకారాలన్నీ రుణాలో సున్నాలో అయ్యాయి. ఒక్కటీ ధనం కాలేదు. గుర్తులు కలగాపులగంగా ఉండి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే పైమొత్తం చిన్నదవుతుంది, r సున్నాకు దిగుతుంది. కిందనున్న వర్గమూలం చేసే పని ఈ మొత్తాన్ని శాతం, రూపాయల కొలమానాల నుంచి విడిపించి −1, +1 హద్దుల్లోకి తేవడం. ఆ హద్దులు ఎన్నడూ దాటవు. మీ జవాబు 1.31 అని వస్తే పత్తి గురించి ఆలోచించనక్కర్లేదు, కూడిక మళ్లీ చేయాలి.

కూడిక సరిచూసే ఉపాయం ఒకటుంది. ప్రతి వరుసలోనూ dx, dy కలిపి ఆ మొత్తాన్ని వర్గం చేయాలి. మన పట్టికలో ఆ కూడికలు 0, 1, −2, 1, −1, 1, 0, 0. వాటి వర్గాల మొత్తం 8. బీజగణితం ప్రకారం ఇది Σdx², Σdy², రెండు రెట్ల Σdx·dy కలిపితే రావాలి. 18, 44 కలిపితే 62, అందులోంచి 54 పోతే 8. సరిపోయింది. గుణకారాల్లో ఒక్క గుర్తు తప్పినా ఇక్కడ దొరికిపోతుంది.

ఒక్క అంకె తప్పితే

పై ఉపాయం పట్టుకునేది మన లెక్కలోని తప్పును మాత్రమే. ఫోటోను తప్పుగా చదివితే లెక్కంతా పొందిగ్గా కుదురుతుంది, జవాబు మాత్రం తప్పే. మూడో వరుసలోని 6600ను 8600 అని చదివామనుకుందాం. ఆరు పైతోక వంపు తిరిగి కిందికి తగిలితే ఎనిమిదిలా కనిపించడం మామూలే. అప్పుడు ఆ వరుసలో పాత మధ్యమం 70 నుంచి dy −4 బదులు 16 అవుతుంది. గుణకారాల మొత్తం −27 నుంచి 13కు మారుతుంది. ధరల వర్గాల మొత్తం 284 అవుతుంది. సగటు కూడా జరిగింది కాబట్టి దాన్ని సవరించాలి. dy మొత్తం 20, దాని వర్గం 400, ఎనిమిదితో భాగిస్తే 50. దాన్ని 284లోంచి తీసేస్తే 234. 13ను √(18 × 234)తో, అంటే 64.9తో భాగిస్తే 0.20.

−0.96 అన్నది +0.20 అయింది. ఎనిమిది వరుసల్లో ఒక్క అంకె తేడాతో గుర్తే తిరగబడింది. చిన్న పట్టికలో సగటుకు దూరంగా పడిన ఒక్క విలువ మిగతా ఏడింటినీ మింగేస్తుంది. ఎందుకంటే దూరం వర్గమై లెక్కలోకి వస్తుంది. నాలుగు దూరానికి పదహారు, పదహారు దూరానికి రెండు వందల యాభై ఆరు.

దీన్ని పట్టుకోవడానికి రెండు దారులున్నాయి. మొదటిది, లెక్కకు ముందే చుక్కల పటం గీయడం. అడ్డంగా తేమ, నిలువుగా ధర పెట్టి ఎనిమిది చుక్కలు పెడితే, 12 శాతం తేమకు 8600 ధర పలికిన చుక్క గుంపుకు ఎక్కడో పైన ఒంటరిగా నిలుస్తుంది. చూడగానే ఫోటో మళ్లీ తెరవాలనిపిస్తుంది. రెండోది మార్కెట్ చీటీలకే ఉన్న వరం. తక్‌పట్టీ మీద ధరతో పాటు తూకం, మొత్తం సొమ్ము కూడా ఉంటాయి. ఐదు క్వింటాళ్లకు సొమ్ము 33,000 అని ఉంటే ధర 6600 కావాల్సిందే, 8600 అయితే 43,000 ఉండాలి. ఫోటోలో ఆ రెండు గడులు కత్తిరించి పంపకుండా ఉంటే చాలు. చీటీ ఫోటో తీసేవారు తమకు కావాల్సిన గడి మీదికే జూమ్ చేయడం మంచి అలవాటు కాదని నా అభిప్రాయం.

వరుస జారితే

ఇంకో తప్పు దీనికన్నా ముదురుది. కాగితం పైఅంచు మడతలో మొదటి ధర దాగిందనుకుందాం. రాసుకునేవాడు రెండో ధర 7300ను మొదటి తేమకు ఎదురుగా రాసి, అలాగే కిందికి దిగాడు. చివరికి ఒక గడి ఖాళీ మిగిలింది. మడత విప్పి చూస్తే 7000 కనిపించింది, దాన్ని తీసుకెళ్లి ఖాళీ గడిలో వేశాడు. ఎనిమిది తేమలు, ఎనిమిది ధరలు, అన్నీ నిజమైనవే.

ఇప్పుడు తేమల మొత్తం 80, ధరల మొత్తం 56,000. విచలనాలు సున్నాకే కుదిరాయి. వర్గాల మొత్తాలు 18, 44 అలాగే ఉన్నాయి. మారింది గుణకారాల వరుస ఒక్కటే. పై నుంచి 0, 8, 4, 3, 2, 0, 2, 0. మొత్తం 19. దాన్ని 28.14తో భాగిస్తే r విలువ +0.68.

తడి పత్తికి ఎక్కువ ధర పలుకుతోందని ఈ పట్టిక చెబుతోంది. మొత్తాలతో సరిచూసే ఏ పద్ధతీ దీన్ని పట్టలేదు, ఎందుకంటే విడివిడిగా చూస్తే రెండు రాశుల్లోనూ తప్పు లేదు. తప్పింది జంట. సహసంబంధం అనేదే జంటల లెక్క కాబట్టి జంట తప్పితే మిగిలేదేమీ లేదు. ఇక్కడ పనికొచ్చేది ఒక్కటే. లెక్క మొదలుపెట్టే ముందు పైవరుస, మధ్యలో ఒకటి, అడుగు వరుస, ఈ మూడింటినీ ఫోటోలో వేలు పెట్టి అడ్డంగా చూసుకోవాలి. అన్నిటికన్నా తేమ ఎక్కువున్న బండినీ తక్కువున్న బండినీ కూడా అలాగే చూడాలి. విషయం తెలిసిన మనిషికి జవాబు గుర్తు చూడగానే అనుమానం రావాలి కూడా. అయితే గుర్తు మనం అనుకున్నట్టు వచ్చిందని ఫోటో చూడటం మానేయడం మాత్రం సరికాదు. అనుకున్న వైపుకే జారిన తప్పు ఎవరికీ దొరకదు.

చదవలేని వరుస

ఎంత చూసినా మూడో వరుస ధర తేలలేదనుకుందాం. ఆ గడిలో సున్నా పెట్టడం ఘోరం. సగటు పెట్టడం కొంచెం మర్యాదగా కనిపిస్తుంది కానీ అది కూడా లేని బండిని సృష్టించడమే. సరైన పని ఆ జంటను పూర్తిగా వదిలేయడం. చదవగలిగిన తేమ 12ను కూడా వదలాలి.

మిగిలిన ఏడు జంటలకు అంకమధ్యమాలు పూర్ణాంకాలు కావు. తేమ సగటు 9.71, ధర సగటు 70.57 అని దశాంశాలు వస్తాయి. వాటితో విచలనాలు తీస్తే ప్రతి గడిలోనూ రెండేసి దశాంశ స్థానాలు మోయాలి. దానికి బదులు పాత 10, 70లనే ఊహించిన మధ్యమాలుగా ఉంచేసి చివర్లో సవరించుకోవచ్చు. పట్టికలోంచి మూడో వరుస తీసేస్తే dx మొత్తం −2, dy మొత్తం 4, వర్గాలు 14, 28, గుణకారాలు −19.

```
పైన : −19 − (−2 × 4)/7 = −17.86
కింద: 14 − 4/7  = 13.43
      28 − 16/7 = 25.71
r = −17.86 / √(13.43 × 25.71) = −0.96
```

మళ్లీ −0.96. ఒక వరుస పోయినా జవాబు కదల్లేదు, అదే వరుసలో ఒక అంకెను ఊహించి తప్పు రాస్తే +0.20కి పోయింది. ప్రతిసారీ ఇంత చక్కగా కుదరదు, వదిలేసిన జంట మిగతావాటికన్నా భిన్నమైనదైతే r మారుతుంది. అయినా వదిలేశాం అని జవాబు పక్కన రాసుకునే వీలుంటుంది. ఊహించి రాసిన అంకెకు అలాంటి గుర్తు మిగలదు. జంటల సంఖ్య n ఇప్పుడు 7 అని సూత్రంలో ప్రతి చోటా మార్చడం మరచిపోకూడదు, సాధారణంగా మరచిపోయేది అదే.

విచలనాలు లేకుండా నేరుగా

అంకమధ్యమాల జోలికి పోకుండా అసలు విలువలతోనే లెక్కగట్టే రూపం కూడా పుస్తకాల్లో ఉంటుంది.

```
r = (nΣxy − Σx·Σy) / √[(nΣx² − (Σx)²)(nΣy² − (Σy)²)]
```

మన పట్టికకు, ధర వందల్లో, Σxy 5573. దాన్ని ఎనిమిదితో గుణిస్తే 44,584. రెండో పదం 80 × 560, అంటే 44,800. తేడా −216. కింద రెండు కుండలీకరణాలు 144, 352 అవుతాయి, వాటి లబ్ధానికి మూలం 225.1. జవాబు అదే −0.96.

క్యాలిక్యులేటరు ఉంటే ఇది హాయిగా ఉంటుంది. చేతి లెక్కకు నేను దీన్ని సిఫారసు చేయను. రెండు పెద్ద సంఖ్యల మధ్య చిన్న తేడా మీద జవాబంతా ఆధారపడటమే కారణం. Σxy కూడికలో పదుల స్థానం దగ్గర ఒకటి తప్పి 5583 అని వచ్చిందనుకోండి. మొత్తంలో అది 0.2 శాతం కూడా కాదు. కానీ తేడా −216 నుంచి −136కు పడిపోతుంది, r −0.60 అవుతుంది. విచలనాల పద్ధతిలో గడుల్లో ఉండేవి రెండు, మూడు, నాలుగు లాంటి చిన్న అంకెలు, పదుల తప్పుకు అక్కడ చోటే లేదు.

జవాబు చెప్పేది, చెప్పనిది

r విలువ −0.96 అంటే ఒక శాతం తేమకు ఎంత ధర పోతోందో తెలిసిపోయినట్టు కాదు. ఆ సంగతి వేరే భాగహారంలో ఉంది. −27ను 18తో భాగిస్తే −1.5, అంటే ఈ పట్టికలో ఒక్క శాతం తేమకు సగటున 150 రూపాయల కోత. ఇప్పుడు సీసీఐ లెక్క చూడండి. 2024–25లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర 7,521 రూపాయలు, ఒక శాతం తేమకు కోత దాదాపు 75 రూపాయలు. 8 నుంచి 12 శాతం దాకా ఆ ధరలు సరిగ్గా సరళరేఖ మీద ఉంటాయి కాబట్టి అక్కడ r కచ్చితంగా −1. అంటే కోత సగమే ఉన్న చోట r ఇంకా గట్టిగా ఉంది. సంబంధం ఎంత నికరమైనదో r చెబుతుంది, రైతు జేబులోంచి ఎంత పోతుందో చెప్పదు. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడటం పత్రికల్లోనూ తరచు కనిపిస్తుంది.

ఎనిమిది జంటలు చాలా అన్నది రెండో ప్రశ్న. రెండు రాశులకూ ఏ సంబంధం లేకపోయినా చిన్న పట్టికలో r పెద్దదిగా పడవచ్చు. ఫిషర్ బాటలో వచ్చిన పట్టికల ప్రకారం, ఎనిమిది జంటలకు గుర్తుతో నిమిత్తం లేకుండా r 0.707 దాటడం యాదృచ్ఛికంగా జరిగే అవకాశం 5 శాతమే. ఐదు జంటలకైతే ఆ హద్దు 0.878, నాలుగింటికి 0.950. మన −0.96 హద్దును హాయిగా దాటింది. వరుస జారినప్పుడు వచ్చిన +0.68 పెద్దదిగానే కనిపించినా ఈ హద్దు లోపలే ఆగింది. నాలుగు బండ్ల ఫోటో పట్టుకుని 0.9 వచ్చిందని తేల్చేయడానికి వీల్లేదు.

మూడోది, తేమ ఒక్కటే మారిందా అన్నది. అక్టోబరులో వానల వెనకే ఏరిన మొదటి పత్తి తడిగా వస్తుంది, తరువాతి ఏరుళ్లు పొడిగా ఉంటాయి. మార్కెట్ ధర కూడా ఆ నెలల్లో తన దారిన తాను మారుతుంది. అక్టోబరు చీటీలూ డిసెంబరు చీటీలూ ఒకే పట్టికలో కలిపితే r చెప్పేది తేమ గురించో, నెల గురించో విడదీయలేం. అందుకే ఉదాహరణలో ఒకే రోజు అని పట్టుబట్టాం. చీటీ మీది తేదీ ఫోటోలో పడిందో లేదో చూడాల్సింది ఇందుకే.

ర్యాంకులతో

ఫోటో మసకగా ఉండి చివరి అంకెలు తేలకపోయినా, ఏ ధర దేనికన్నా ఎక్కువో తెలుస్తున్న సందర్భాలుంటాయి. అప్పుడు విలువల బదులు వాటి వరుస స్థానాలనే జంటలుగా పెట్టి లెక్కగట్టవచ్చు. చార్లెస్ స్పియర్‌మన్ 1904లో చూపిన దారి ఇది. సమానంగా ఉన్న విలువలకు వాటి స్థానాల సగటు ఇవ్వాలి. మన పట్టికలో 8 శాతం తేమ రెండుసార్లు వచ్చింది కాబట్టి రెంటికీ 1.5 చొప్పున. ఎనిమిది జంటలకూ ఇలా స్థానాలిచ్చి, జంటలోని తేడాలను వర్గం చేసి కూడితే 161.5 వస్తుంది. సమాన స్థానాల గుంపులు నాలుగున్నాయి, ఒక్కోదానికి 0.5 చొప్పున 2 కలిపితే 163.5.

```
ρ = 1 − 6 × 163.5 / (8 × 63) = −0.95
```

పియర్సన్ జవాబుకు దాదాపు ఇదే. 6600ను 8600గా చదివిన తప్పు ఈ పద్ధతిలోనూ ఆ బండిని అడుగు నుంచి పైస్థానానికి లేపుతుంది, కానీ అక్కడితో ఆగుతుంది. 8600 బదులు 86,000 అని చదివినా స్థానం ఎనిమిదే.